తొమ్మిదేళ్ల చిన్న అప్‌రైట్: యాప్ తప్పంటున్నా నాకు నచ్చిన పై ఆక్టేవ్‌లు

నా దగ్గరున్నది పొట్టి అప్‌రైట్ పియానో. తొమ్మిదేళ్లుగా దాదాపు రోజూ వాయిస్తున్నాను. కీల బరువు, పెడల్స్, చెక్క సంగతి కొనబోయేవాళ్లకు ఎవరైనా చెబుతారు. నేను రాస్తున్నది దీని పై రెండు ఆక్టేవ్‌ల శ్రుతి గురించే. లెక్క ప్రకారం ఉండాల్సిన చోటు కంటే అవి కాస్త ఎక్కించి ఉంటాయి. ఈ పియానో మీద నాకున్న ఇష్టంలో సగం అక్కడే ఉంది.

అది తెలిసొచ్చింది మాత్రం నేను చేసిన ఒక పొరపాటు వల్ల. నాలుగో ఏడాది ట్యూనర్ రావడం బాగా ఆలస్యమై, పైన కొన్ని తీగలు దిగిపోయాయి. లివరు, రబ్బరు మ్యూట్లు తెచ్చుకుని, ఫోన్‌లో మామూలు ట్యూనర్ యాప్ పెట్టుకుని నేనే మొదలుపెట్టాను. ఏ5 నుంచి చివరి సి8 దాకా 28 స్వరాలు, స్వరానికి మూడేసి చొప్పున 84 తీగలు. రెండు తీగలను మ్యూట్‌తో ఆపడం, మూడోదాన్ని ముల్లు సున్నా మీద నిలిచేదాకా తిప్పడం, తర్వాత మిగిలిన రెండింటిని దానితో కలపడం. రెండు సాయంత్రాలు పట్టింది. ఏ5 880 హెర్ట్జ్, ఏ6 1760, ఏ7 3520. కాగితం మీద ఎలా ఉండాలో సరిగ్గా అలాగే ఉన్నాయి.

మూడో రోజు ఉదయం కుడిచేత్తో ఆక్టేవ్‌లలో ఒక నెమ్మది పాట వాయించాను. చిటికెన వేలి స్వరం ప్రతిసారీ దిగినట్టే వినిపించింది. పైకి వెళ్లేకొద్దీ ఇంకా అలసిపోయినట్టు, మెరుపంతా తుడిచేసినట్టు ఉంది. నా చేతిపనిలో తేడా వచ్చిందేమోనని మళ్లీ యాప్ పెట్టి చూశాను. ముల్లు సున్నా దగ్గరే ఉంది. ఆ రోజు నిజంగా బాధపడ్డాను.

వారం తర్వాత ట్యూనర్ వచ్చారు. ఆయన యాప్ అడగలేదు, పరికరమూ తీయలేదు. కింది ఎఫ్3ని ఏ4తో కలిపి నొక్కారు. శబ్దం వేగంగా వణికింది. తర్వాత అదే ఎఫ్3ని నేను సరిచేసిన ఏ5తో కలిపి నొక్కారు. ఈసారి వణుకు కాస్త నెమ్మదిగా ఉంది. "రెండూ ఒకే వేగంతో వణకాలండీ. ఇది నెమ్మదించిందంటే పై స్వరం కిందికి ఉన్నట్టే" అన్నారు. లివరు కదిలిందో లేదో కంటికి తెలియనంతగా తిప్పి మళ్లీ వినిపించారు. రెండు వణుకులూ ఒకే వేగానికి వచ్చాయి. అప్పుడు ఏ4, ఏ5 కలిపి నొక్కితే నిన్నటిదాకా అలలా ఊగిన ఆక్టేవ్ నిశ్చలంగా నిలబడింది.

కారణం తీగ బిరుసుతనం. ఏ తీగైనా మోగేటప్పుడు మొత్తంగా ఊగుతూనే రెండు భాగాలుగా, మూడుగా, నాలుగుగా కూడా ఊగుతుంది. ఆ భాగాల నుంచి వచ్చేవే పై అనుస్వరాలు. తీగ దారంలా పూర్తిగా మెత్తనిదైతే రెండో అనుస్వరం సరిగ్గా రెట్టింపు, నాలుగోది సరిగ్గా నాలుగు రెట్లు ఉండేవి. పియానో తీగ ఉక్కుది. చిన్న భాగాలుగా ఊగాలంటే అది ఎక్కువగా వంగాలి, ఉక్కు వంగడానికి ఎదురు తిరుగుతుంది. బిగింపుకు ఆ ఎదురు కూడా తోడై తీగ త్వరగా వెనక్కి వస్తుంది. అందుకే పై అనుస్వరాలు ఉండాల్సిన చోటు కంటే ఎక్కి ఉంటాయి. పొట్టి తీగకు, లావు తీగకు ఈ ఎక్కుడు ఇంకా ఎక్కువ.

ఏ4నే తీసుకుందాం. దాని మూల స్వరం 440 హెర్ట్జ్. రెండో అనుస్వరం 880 కావాలి, కానీ ఇలాంటి పియానోలో మామూలుగా ఉండే బిరుసుతనానికి అది 880.9 దగ్గర మోగుతుంది. నేను పెట్టిన ఏ5 మాత్రం కచ్చితంగా 880. రెండూ కలిసినప్పుడు దాదాపు సెకనుకు ఒక అల. నాకు వినిపించిన ఊగుడు అదే. యాప్ ఏ5ని 880తో పోల్చింది, చెవి దాన్ని ఏ4 లోపలి అనుస్వరంతో పోల్చింది. ఆ ఊగుడు పోవాలంటే ఏ5ని రెండు సెంట్ల దాకా ఎక్కించాలి. సెంటు అంటే అర్ధస్వరంలో నూరో వంతు. ఇంకో చిక్కు కూడా ఉంది. ఏ4 నాలుగో అనుస్వరం ఏ5 రెండో అనుస్వరంతో కలవాలంటే నాలుగు సెంట్ల దాకా కావాలి. రెండు కోరికలూ ఒకేసారి తీరవు కాబట్టి ట్యూనర్ మధ్యలో ఎక్కడో చెవితో తేల్చుకుంటారు.

పైకి పోతే ఇది పోగవుతుంది. ఏ5 అప్పటికే ఎక్కి ఉంది, దాని మీద ఏ6, దాని మీద ఏ7. తీగలేమో పొట్టివవుతూ పోతాయి. చివరి సి8లో మోగే తీగ అయిదు సెంటీమీటర్ల దరిదాపుల్లోనే ఉంటుంది, అది తీగ కంటే చిన్న ఊచకు దగ్గర. ట్యూనర్ వెళ్లాక నా యాప్‌తో కొలిచి రాసుకున్నాను: ఏ5 మూడు సెంట్లు, ఏ6 ఎనిమిది, ఏ7 ఇరవై, సి8 ఇరవై ఎనిమిది. అంటే చివరి స్వరం అర్ధస్వరంలో పావువంతు కంటే ఎక్కువే పైకి ఉంది. 1938లో రైల్స్‌బ్యాక్ అనే పరిశోధకుడు చెవితో శ్రుతి చేసిన పియానోలను కొలిచి గీసిన వంపు కూడా పై చివర ముప్ఫై సెంట్ల దగ్గరే తేలుతుంది.

ఆ తర్వాత ఏడాది పాటు కనపడినవాళ్లందరికీ "పైన ఎంత ఎక్కిస్తే అంత బాగుంటుంది" అని చెప్పాను. ఆ మాట ఇప్పుడు అలాగే చెప్పలేను. ఒకసారి వేరే ట్యూనర్‌ను పిలిచి ఇంకాస్త ధారాళంగా ఎక్కించమని అడిగాను. ఏ4, ఏ6 కలిపి నొక్కితే అద్భుతంగా మోగింది. కానీ పక్కపక్క ఆక్టేవ్ ఏ5, ఏ6 నొక్కి పట్టుకుంటే సన్నని ఊగుడు మొదలైంది. వేగంగా వాయించే వాటిలో అది తెలియదు. నెమ్మది పాటల్లో ప్రతి పొడుగు స్వరంలోనూ తెలిసేది. ఆ ఆరు నెలలూ నెమ్మది పాటలు పక్కన పెట్టేశాను.

ఇంకొకటి, తోడు వాయిద్యం. నా స్నేహితురాలి డిజిటల్ కీబోర్డ్‌లో శ్రుతి సాగదీసే అమరిక ఆపేసి ఉంటుంది. దాని ఏ6 కచ్చితంగా 1760, నాది ఎనిమిది సెంట్లు పైన. ఇద్దరం ఆ స్వరాన్ని కలిపి నొక్కితే సెకనుకు ఎనిమిది అలలు, గరగరలాడినట్టు ఉంటుంది. తను సెట్టింగ్స్‌లో ఆ అమరికను ఆన్ చేస్తే చాలావరకు తగ్గింది, పూర్తిగా పోలేదు. కీబోర్డ్‌లోని సాగదీత వేరే పియానో కొలతలతో చేసింది, నా తీగల బిరుసుతనం దానికి తెలియదు.

కాబట్టి నేను చెప్పేదాన్ని నా పరిస్థితితో కలిపి చదవండి. నాది పొట్టి పియానో, పొట్టి తీగలు, అందుకే ఎక్కుడు ఎక్కువ అవసరం. పొడుగాటి కచేరీ గ్రాండ్‌కు ఇంత అక్కర్లేదు. నేను ఎక్కువగా ఒంటరిగా వాయిస్తాను. తరచూ ఇతర వాయిద్యాలతో కలిసేవాళ్లకు తక్కువ ఎక్కుడే నప్పవచ్చు. నేనిప్పుడు ట్యూనర్‌తో అనేది ఇంతే: "ఏ6 దాకా పక్క ఆక్టేవ్‌లు ఊగకుండా చూడండి, ఆపైన మీ చెవి ఎలా చెబితే అలా." ఆయన పని ముగించాక ఎఫ్3తో ఏ4, ఎఫ్3తో ఏ5 నేనే నొక్కి చూసుకుంటాను. పోయినసారి రెండో వణుకు వెంట్రుకవాసి వేగంగా అనిపించింది. అలాగే ఉంచమన్నాను.