"ఒక్క ట్యాప్ చాలు" అనే ఆటలతో జాగ్రత్త: చేతివణుకు ఉన్నవాళ్ల కోసం కొనేముందు ఇది చదవండి

చేతివణుకు ఉన్నవాళ్ల కోసం మొబైల్ ఆట కొనబోతుంటే, వివరణలో "ఒక్క ట్యాప్‌తో ఆడొచ్చు", "టైమర్ లేదు", "పెద్ద ముక్కలు" అని రాసి ఉన్నంత మాత్రాన డబ్బు కట్టకండి. ఆ మూడూ నిజమే అయినా ఆ ఆట వణికే వేలికి అక్కరకు రాకపోవచ్చు. రివ్యూలూ ఈ విషయంలో పెద్దగా సాయం చేయవు. అవి రాసేవాళ్లలో ఎక్కువమందికి వేలు కుదురుగా ఉంటుంది, వాళ్లకు ఆట బాగానే నడుస్తుంది.

అందరికీ తెలిసిన సాలిటేర్‌నే తీసుకుందాం. ఈ దెబ్బ ఎక్కువగా తగిలేది ఇక్కడే. ముక్కను తాకితే అదే సరైన చోటికి వెళ్తుందని వివరణలో ఉంటుంది. ప్రకటనలు రాకుండా పూర్తి వెర్షన్ కొంటారు. తీరా ఆడబోతే ముక్క కాస్త పైకి లేచి మళ్లీ ఉన్నచోటే పడుతుంది. మళ్లీ తాకినా అంతే. ఇంట్లో ఇంకొకరు తాకితే మాత్రం చక్కగా కదులుతుంది. దాంతో ఆడేవాళ్లకే చేతకావడం లేదనుకుంటారు. తప్పు వాళ్లది కాదు, ఆ ఆటను తయారుచేసిన తీరుది.

జరిగేది ఇది. ఆ ముక్కను తాకనూ వచ్చు, లాగనూ వచ్చు. రెండూ వీలయ్యేలా ఆటను రాస్తారు. మీరు తాకారా, లాగారా అన్నది తేల్చడానికి ఆట ఒక హద్దు పెట్టుకుంటుంది. వేలు ఆనిన చోటు నుంచి అంతకన్నా ఎక్కువ జరిగితే అది లాగడం కింద లెక్క. మామూలు ఆండ్రాయిడ్ యాప్‌లకు ఆ హద్దు, తెర మీది దూరాలకు ఆండ్రాయిడ్ వాడే డీపీ అనే కొలతలో 8 డీపీ, అంటే సుమారు 1.3 మిల్లీమీటర్లు. ఆటల సంగతి వేరు. చాలా మొబైల్ ఆటలు యూనిటీ అనే ఇంజిన్‌తో తయారవుతాయి. అందులో మెనూలు, బటన్ల వ్యవస్థకు ముందే పెట్టి ఉన్న హద్దు 10 పిక్సెళ్లు. అంగుళానికి 400 పిక్సెళ్లున్న ఫోన్‌లో 10 పిక్సెళ్లంటే 0.6 మిల్లీమీటరే. తెర ఎంత నాణ్యమైనదైతే ఆ హద్దు అంత ఇరుకవుతుందన్నమాట. తెరకు తగ్గట్టు దాన్ని పెంచే డెవలపర్లు ఉన్నారు. ఆ సంఖ్య జోలికే వెళ్లనివాళ్లూ ఉన్నారు.

ఇప్పుడు వణుకు లెక్క చూడండి. పార్కిన్సన్స్‌లో చేయి కదలకుండా ఉన్నప్పుడు వచ్చే వణుకు సాధారణంగా సెకనుకు 4 నుంచి 6 సార్లు ఉంటుంది. ఎసెన్షియల్ ట్రెమర్ అనే మరో రకం వణుకులో 4 నుంచి 12 సార్లు ఉండవచ్చు, అదీ చేయి చాచి ఏదైనా చేయబోయేటప్పుడే ఎక్కువ. సెకనుకు 5 సార్లు అనుకుంటే ఒక్కో ఊపు సెకనులో ఐదో వంతులో అయిపోతుంది. వేలు తెర మీద ఉండే ఆ కాసేపట్లోనే అది అటూ ఇటూ ఒకసారి వెళ్లి వస్తుంది. 0.6 మిల్లీమీటరు దాటడానికి అది చాలు. ఆట దాన్ని "లాగి, మధ్యలో వదిలేశారు" అనుకుని ముక్కను వెనక్కి పంపేస్తుంది.

ఈ ఇబ్బంది లెవెళ్ల జాబితాల్లోనూ సెట్టింగ్స్ పేజీల్లోనూ ఇంకా ఎక్కువ. జరిపితే కదిలే జాబితాలో బటన్లు పెట్టినప్పుడు, వేలు హద్దు దాటగానే జాబితా కదలడం మొదలుపెడుతుంది, బటన్ నొక్కు రద్దవుతుంది. అందుకే ఆట లోపల అంతా సాఫీగా నడిచినా తర్వాతి లెవెల్ తెరవలేక ఆగిపోయేవాళ్లుంటారు. "ట్యాప్ మాత్రమే" అన్న మాట ఆటకే వర్తిస్తుందా, మెనూలకు కూడానా అని వివరణలో ఎక్కడా ఉండదు.

కాబట్టి ఉచిత భాగంలోనే ఒక పరీక్ష పెట్టండి. వేలు కుదురుగా ఉన్నవాళ్లు కూడా చేయొచ్చు. ముక్క మీద వేలు ఆనించి, కావాలనే రెండు మిల్లీమీటర్లు పక్కకు జరిపి వదలండి. మామూలుగా తాకినప్పుడు వెళ్లాల్సిన చోటికే ముక్క వెళ్తే ఆట మంచిదే. ముక్క వేలితోపాటు కదిలి వెనక్కి పడితే, సెట్టింగ్స్‌లోకి వెళ్లి లాగడాన్ని ఆపేసే వీలుందేమో వెతకండి. అలాంటిది లేకపోతే ఆ ఆట కొనకండి. ఇదే పరీక్ష లెవెళ్ల జాబితాలో ఒక బటన్ మీద కూడా చేయండి. తర్వాత ఒకే చోట గబగబా రెండుసార్లు తట్టి చూడండి. వణికే వేలు ఒక్కసారి ఆనబోయి రెండుసార్లు తగలడం మామూలే. ఆ రెండో తాకిడిని కొత్త ఎత్తుగా తీసుకునే ఆటలో వెనక్కి తీసుకునే బటన్ ఎన్నిసార్లయినా, ఉచితంగా పనిచేయాలి. రోజుకు మూడు అని లెక్కపెట్టి, ఆపైన డబ్బులడిగే ఆట వీళ్లకు తగదు.

ఆడే మనిషి వణుకు ఎంతుందో కొలవాలనుకుంటే ఆండ్రాయిడ్‌లోనే అందుకు సాధనం ఉంది. About phone లో Build number మీద ఏడుసార్లు తడితే Developer options తెరుచుకుంటాయి. అందులో Pointer location ఆన్ చేయండి. వేలు ఆనిన చోటి నుంచి గీత పడుతుంది. వేలు తీయగానే పైన dX, dY అని రెండు సంఖ్యలు వస్తాయి. వేలు మొత్తమ్మీద ఎన్ని పిక్సెళ్లు జరిగిందో అవి చెబుతాయి. సిస్టమ్ హద్దు దాటితే ఆ గడి ఎర్రగా మారుతుంది. వణుకు రోజంతా ఒకేలా ఉండదు కాబట్టి వేర్వేరు వేళల్లో చూడటం మేలు. సంఖ్యలతో పాటు గీతను కూడా గమనించండి. వేలు దూరం వెళ్లి తిరిగి మొదటి చోటికే వస్తే dX తక్కువే చూపిస్తుంది, కానీ హద్దు మాత్రం దాటినట్టే.

ఇక "పెద్ద ముక్కలు" సంగతి. ఆండ్రాయిడ్ మార్గదర్శకాలు అడిగే కనీస బటన్ కొలత 48 డీపీ, అంటే దాదాపు 8 మిల్లీమీటర్లు. అది కుదురైన వేలికి పెట్టిన కనీస కొలత. వణికే వేలికి నా లెక్కలో 15 మిల్లీమీటర్లయినా ఉండాలి, పక్క బటన్‌కు మధ్య ఖాళీ కూడా ఉండాలి. సాలిటేర్‌లో 7 వరుసలుంటాయి. 68 మిల్లీమీటర్ల వెడల్పున్న ఫోన్‌లో ఒక్కో వరుసకు దక్కేది 10 మిల్లీమీటర్లలోపే. పైగా ముక్కలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి కాబట్టి కింది ముక్కలో కనిపించేది సన్నటి పట్టీ మాత్రమే. అంకెలు ఎంత పెద్దగా ముద్రించినా తాకడానికి దొరికే చోటు అంతే. వివరణలో "పెద్దవి" అన్నది చాలాసార్లు అంకెల గురించే. గళ్ల ఆటల్లో ఇంకో చిక్కుంది. మొదటి లెవెళ్లలో 5 వరుసలే ఉంటాయి, గడి 13 మిల్లీమీటర్లకు పైనే వస్తుంది. ముందుకెళ్లేకొద్దీ 9 వరుసలవుతాయి, గడి ఏడున్నరకు పడిపోతుంది. డబ్బు అడిగేది సరిగ్గా ఆ మధ్యలోనే. ఫోన్ బదులు టాబ్లెట్‌లో ఆడితే గడి పెద్దదవుతుంది. అంగుళానికి పిక్సెళ్లు తక్కువున్న టాబ్లెట్ అయితే ఆ 10 పిక్సెళ్ల హద్దు కూడా కొంచెం సడలుతుంది. దాన్ని చేతిలో పట్టుకోకుండా స్టాండ్ మీద పెట్టి, ముంజేయి బల్లకు ఆనించుకుని ఆడాలి.

కావలసిన సెట్టింగ్ ఎలా ఉంటుందో తెలియాలంటే లీచెస్ చదరంగం చూడండి, అది పూర్తిగా ఉచితం. ఎత్తు వేసే పద్ధతిని అందులో మనమే ఎంచుకోవచ్చు: రెండు గళ్లను తాకడం, పావును లాగడం, లేదా రెండూ. మొదటిది మాత్రమే పెట్టుకుంటే లాగడం అన్నదే ఉండదు. కంప్యూటర్‌తో ఆడేటప్పుడు గడియారం అక్కర్లేదు. ఫోన్‌లో గడి ఎనిమిదిన్నర మిల్లీమీటర్లే కాబట్టి దీన్నీ టాబ్లెట్‌లోనే ఆడాలి. డబ్బు తీసుకునే ఆటలో ఇంతపాటి వెసులుబాటు లేకపోతే దేనికి కట్టాలి?

ఆట ముందే కొనేశారా? ఐఫోన్, ఐప్యాడ్‌లలో దారి ఉంది. Settings, Accessibility, Touch, Touch Accommodations లోకి వెళ్లి, Tap Assistance కింద Use Initial Touch Location ఎంచుకోండి. అక్కడ పెట్టిన వ్యవధిలోపు వేలు తీస్తే, మధ్యలో ఎంత జరిగినా మొదట ఆనిన చోటే తట్టినట్టు ఆటకు అందుతుంది. మొదటిసారి గురి తప్పి, వేలు తెర మీద ఉండగానే సరిచేసుకునేవాళ్లకు Use Final Touch Location నయం. రెండుసార్లు తగిలే ఇబ్బందికి Ignore Repeat ఉంది. Hold Duration జోలికి మాత్రం చివర్లోనే వెళ్లండి. వేలు ఎగిరెగిరి పడే వణుకులో ఒక్కో ఆనిక కొద్దిసేపే ఉంటుంది. అంతకన్నా ఎక్కువ వ్యవధి పెడితే ఏ తాకిడీ పనిచేయదు. ఇవన్నీ ఫోన్ మొత్తానికీ వర్తిస్తాయి కాబట్టి Accessibility Shortcut లో పెట్టుకుంటే బటన్ మూడుసార్లు నొక్కి ఆన్, ఆఫ్ చేసుకోవచ్చు.

శామ్‌సంగ్ ఫోన్లలో Accessibility కింద Interaction and dexterity లో Tap duration, Ignore repeated touches ఉన్నాయి. ఇవి పొరపాటు తాకిడుల్ని వడకడతాయి. తాకిన తర్వాత వేలు జరిగే సంగతిని మాత్రం సరిచేయవు, కాబట్టి ముక్క వెనక్కి పడే జబ్బు వీటితో పోదు.

ప్రకటనలు పోవడానికి కట్టే డబ్బు విషయంలోనూ చూసి అడుగేయండి. ఆట మధ్యలో వచ్చేవి ఆగినా, సూచన కోసమో అదనపు ఎత్తు కోసమో చూడాల్సిన వీడియోలు చాలా ఆటల్లో అలాగే ఉంటాయి. వాటిని మూసే గుర్తు మూలన చిన్నగా ఉంటుంది. గురి తప్పితే నేరుగా స్టోర్ తెరుచుకుంటుంది. అక్కడ మళ్లీ వేలు తగిలి ఏదో కొనుగోలు అయిపోకుండా, ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో ప్రతి కొనుగోలుకూ ధ్రువీకరణ అడిగేలా ముందే పెట్టేయండి.

డబ్బు వెనక్కి అడగాలంటే ఆలస్యం చేయకండి. గూగుల్ ప్లేలో కొన్న 48 గంటల్లోపు అడగాలి, ఆ తర్వాత డెవలపర్‌ని పట్టుకోవాల్సిందే. ఆపిల్ అయితే reportaproblem.apple.com లో అడగాలి, ఇవ్వాలా వద్దా అన్నది వాళ్ల నిర్ణయం. "ఆట నచ్చలేదు" అని రాయకండి. "వివరణలో ట్యాప్‌తో ఆడొచ్చని ఉంది, కానీ ట్యాప్‌ను లాగడంగా తీసుకుంటోంది, దాన్ని ఆపే సెట్టింగ్ లేదు" అని రాయండి. ఆండ్రాయిడ్ స్క్రీన్ రికార్డర్‌లో తాకిన చోటు కనిపించేలా పెట్టుకుని అర నిమిషం రికార్డు చేస్తే, ముక్క లేచి వెనక్కి పడటం అందులో స్పష్టంగా తెలుస్తుంది. డెవలపర్‌కు రాసేటప్పుడు ఆ వీడియో జతచేసి, లాగే హద్దును పిక్సెళ్లలో కాకుండా తెర కొలతకు తగ్గట్టు పెంచమని అడగండి. అది వాళ్లకు చిన్న మార్పే. కొన్నది నెలవారీ చందా అయితే ఆటను ఫోన్‌లోంచి తీసేసినా చందా ఆగదు, స్టోర్‌లో Subscriptions లోకి వెళ్లి విడిగా రద్దు చేయాలి.