ఉమ్మడి చెక్‌లిస్ట్‌కి ఏది మేలు: షీటా, గిట్టా?

నలుగురైదుగురు కలిసి దిద్దే మాస్టర్ చెక్‌లిస్ట్‌ని గూగుల్ షీట్‌లో ఉంచాలా, గిట్‌లో పెట్టాలా అని చాలామంది అడుగుతున్నారు. మేము ఈమధ్యే షీట్ నుంచి గిట్‌కి మారాం. ఎందుకు మారామో చెప్తే ఎవరికి ఏది సరిపోతుందో తేలికగా తెలుస్తుంది.

మాది సర్వర్లు మార్చేటప్పుడు వాడే చెక్‌లిస్ట్. 64 అంశాలు, దిద్దేవాళ్లం ఐదుగురం. ఒక రాత్రి పని చివర్లో ఫోన్‌లో మావాళ్లు ఒకరినొకరు అడుగుతున్నారు.

"42 అయిందా?"

"అయిపోయింది అన్నా, టిక్ పెట్టేశాను."

అడిగినాయన చేతిలోని ప్రింటులో 42 అంటే మానిటరింగ్ అలర్ట్‌లను తిరిగి ఆన్ చేయడం. జవాబిచ్చిన కుర్రాడి స్క్రీన్ మీద 42 అంటే లాగ్ ఫోల్డర్ పర్మిషన్లు చూడడం. ప్రింటు తీసిన తర్వాత ఎవరో అలర్ట్‌ల వరుసను షీట్‌లోంచి తీసేశారు. దాంతో 43 కాస్తా 42 అయింది. ఇద్దరూ నిజమే చెప్పారు, అలర్ట్‌లు మాత్రం రెండు రోజులు ఆఫ్‌లోనే ఉండిపోయాయి.

ఆ వరుస ఎవరు తీశారో వెతకడానికి కూర్చున్నాం. షీట్‌లో ఒక గడి మీద రైట్ క్లిక్ చేసి `Show edit history` నొక్కితే ఆ గడిలో ఎవరేం మార్చారో కనిపిస్తుంది. కానీ వరుసలు చేర్చడం, తీసేయడం అందులో కనిపించవు. అసలు వరుసే లేనప్పుడు నొక్కడానికి గడి ఎక్కడుంది? ఇక `File > Version history` తెరిచి ఒక్కో వెర్షన్ వెనక్కి వెళ్తూ చూశాం. చాలాసేపటికి పేరూ సమయమూ దొరికాయి. ఆయన్ని అడిగితే ఎందుకు తీశారో వెంటనే గుర్తు రాలేదు. కాసేపు ఆలోచించి, మొదట్లో ఉన్న 17వ అంశమూ ఇదీ ఒకటే అనుకున్నానన్నారు. 17 అలర్ట్‌లు ఆపడం గురించి, 42 వాటిని తిరిగి ఆన్ చేయడం గురించి. రెండింటికీ "అలర్ట్‌లు చూసుకోవాలి" అనే రాసుకున్నాం మేము.

నా లెక్కలో ఈ పోటీని తేల్చేది ఇదే. ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారన్నది షీట్ తనంతట తానే గుర్తుపెట్టుకుంటుంది. ఎందుకు మార్చారన్నది మాత్రం మనిషి రాస్తేనే ఉంటుంది, షీట్ దాన్ని అడగదు. గిట్ అడుగుతుంది. మార్పుని నమోదు చేసే ప్రతిసారీ ఒక నోట్ రాయమంటుంది, దాన్ని ఖాళీగా వదిలేస్తే ఆ నమోదు, అంటే కమిట్, అక్కడే ఆగిపోతుంది.

ఇప్పుడు మా చెక్‌లిస్ట్ మామూలు టెక్స్ట్ ఫైల్. ఒక అంశానికి ఒక లైను, ప్రతి అంశానికీ మారని ఐడీ:

```
- [ ] C-017 | మానిటరింగ్ అలర్ట్‌లు ఆపాలి
- [ ] C-042 | మానిటరింగ్ అలర్ట్‌లు తిరిగి ఆన్ చేయాలి
```

ఐడీ అంటే వరుస నంబరు కాదు. పైన పది అంశాలు చేర్చినా C-042 ఎప్పటికీ C-042యే. ఒక అంశాన్ని తీసేసినా దాని ఐడీని ఇంకోదానికి ఇవ్వం. అదే తప్పు మళ్లీ ఎవరైనా చేస్తే వెతకడం ఇంతే:

```
git log -S"C-042" --oneline -- checklist.md
```

ఆ ఐడీ ఫైల్‌లోకి వచ్చిన కమిట్, పోయిన కమిట్, వాటి పక్కన నోట్‌లు వరుసగా వస్తాయి. "C-042 తీశాను, C-017తో ఒకటే" అన్న నోట్ ఆ రోజే కళ్లబడి ఉంటే ఐదుగురిలో ఎవరో ఒకరు ఆపేవారని నా నమ్మకం. అందుకే నోట్‌లో ఐడీ, కారణం రెండూ ఉండాలని నియమం పెట్టుకున్నాం. "చిన్న మార్పులు" అని రాస్తే ఒప్పుకోం. ఒక కమిట్‌లో ఒకే విషయం. పది మార్పులు ఒకే నోట్ కింద పెడితే ఏ కారణం దేనిదో మళ్లీ తెలియదు.

గిట్‌తో ఇబ్బందులు లేకపోలేదు. ఎక్సెల్ ఫైల్‌ని అలాగే తెచ్చి గిట్‌లో పెడితే లాభం లేదు. అది లోపల జిప్ ఫైల్ కాబట్టి, ఏ లైను మారిందో గిట్ చూపించలేదు. మొత్తం జాబితాని ఎవరైనా అక్షర క్రమంలో సర్దితే దాదాపు ప్రతి లైనూ మారినట్టే కనిపిస్తుంది, అసలు మార్పు అందులో మునిగిపోతుంది. సర్దడం తప్పదనుకుంటే దాన్ని విడిగా ఒక కమిట్‌గా చేయాలి. ఇద్దరు ఒకే లైనును వేర్వేరుగా దిద్దితే కాన్‌ఫ్లిక్ట్ వస్తుంది. కొత్తవాళ్లకి అది టెన్షనే. కానీ ఏది ఉంచాలో ఇద్దరూ మాట్లాడుకోక తప్పని పరిస్థితి తెస్తుంది కాబట్టి నాకది మంచిదే అనిపిస్తుంది. షీట్‌లో అయితే చివర రాసినవాళ్లదే నిలుస్తుంది, మొదటివాళ్లకి తెలియను కూడా తెలియదు.

టీమ్‌లో సగం మంది గిట్ ముఖమే చూడకపోతే బలవంతం చేయకండి. షీట్‌లోనే ఉండండి, కానీ వరుసలు తీసేయడం మానేయండి. "స్థితి" అని ఒక కాలమ్ పెట్టి అందులో "రద్దు" అని రాస్తే చాలు, ఫిల్టర్‌తో దాచుకోవచ్చు. పక్కనే "మార్పులు" అని ఇంకో ట్యాబ్ పెట్టి తేదీ, ఐడీ, పాత మాట, కొత్త మాట, కారణం, పేరు రాసుకోండి. ఆ ట్యాబ్ నింపకపోతే షీట్ ఎవరినీ ఆపదు కాబట్టి, వారానికోసారి వెర్షన్ హిస్టరీతో పోల్చి చూసే బాధ్యత ఒకరికి అప్పగించాలి. ఆ ఒకరు దొరకకపోతే షీట్ పద్ధతి నిలబడదు.

లాక్ చేసిన ఫైనల్ కాపీ విషయంలో ఈ రెండూ చాలవు. షీట్‌లో `Protect sheets and ranges` పెట్టినా ఓనర్ దిద్దగలరు. అందులోనే హెచ్చరిక మాత్రమే చూపించే ఆప్షన్ ఎంచుకుంటే ఎవరైనా దాటుకుని వెళ్లొచ్చు. `Make a copy` చేసి దానికి "ఫైనల్" అని పేరు పెడితే పాత చరిత్ర ఆ కాపీలోకి రాదు. గిట్‌లో ఆ వెర్షన్‌కి గుర్తుగా ట్యాగ్ వేస్తాం:

```
git tag -a v3.2 -m "C-042 తిరిగి చేర్చాం"
```

బలవంతంగా అయితే ట్యాగ్‌ని కూడా జరపొచ్చు. అందుకే ట్యాగ్ వేసిన ఫైల్ నుంచి పీడీఎఫ్ తీసి, అందరికీ చూసే అనుమతి మాత్రమే ఉన్న ఫోల్డర్‌లో పెడతాం. ప్రతి పేజీ అడుగున v3.2 అనీ, పేజీ నంబరూ ఉంటాయి. పని మొదలయ్యే ముందు ఫోన్‌లో మొదట అడిగేది "ఏ వెర్షన్?" అనే. షీట్ వాడేవాళ్లూ ఇదే పీడీఎఫ్ పద్ధతి పాటించొచ్చు.

ఫైల్ పేరు చివర final2, final_new అని తగిలించుకుంటూ మెయిల్‌లో పంపుకోవడం ఒక్కరే దిద్దేటప్పుడు నడుస్తుంది, ఇద్దరికి కూడా పనికిరాదు. వర్డ్‌లో ట్రాక్ చేంజెస్ ఒక విడత సమీక్షకి బాగుంటుంది, మార్పులు ఒప్పేసుకున్నాక ఆ గుర్తులు పోతాయి. ఎక్సెల్‌లో `Mark as Final` లాక్ కాదు, `Edit Anyway` నొక్కితే తెరుచుకుంటుంది.

పని మధ్యలో తప్పు కనబడితే మేము v3.2ని ముట్టుకోం. ప్రింటు మీద పెన్నుతో దిద్ది, పక్కన సమయం, పొట్టి సంతకం పెడతాం. మర్నాడు ఆ కాగితం చూసి ఒక్కో మార్పుకి ఒక్కో కమిట్ చేసి v3.3 ట్యాగ్ వేస్తాం.