జాగ్రత్త: 550 పెట్టెలకు 550 వచ్చినా సరుకు తక్కువే వచ్చింది

టైల్స్ దుకాణం నడిపేవాళ్లు, ఇల్లు కట్టుకుంటూ నేరుగా లోడు తెప్పించుకునేవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. గుజరాత్‌లోని మోర్బీ నుంచి మా దుకాణానికి ఒక లోడు వచ్చింది. చలాన్ ప్రకారం 550 పెట్టెలు. దింపి లెక్కపెడితే సరిగ్గా 550 ఉన్నాయి. అయినా ఖరీదైన రకంలో 8 పెట్టెలు తక్కువ. పంపినవాళ్లు మాత్రం "మొత్తం సరిపోయింది కదా, ఇంకా తక్కువేమిటి?" అని వారాల తరబడి తిప్పారు. అదే లారీలో సరుకు తెప్పించుకున్న మా పక్క దుకాణానికి ఇప్పటిదాకా ఒక్క రూపాయి తిరిగి రాలేదు. మాకు వచ్చింది. తేడా అంతా దించుకున్న రోజు కాగితం మీద ఏం రాశామన్న దాంట్లోనే ఉంది.

చలాన్‌లో నాలుగు ఐటమ్‌లు ఉన్నాయి. మొదటిది రెండు బై నాలుగు అడుగుల గ్లాసీ, పెట్టె 620 రూపాయలు, 200 పెట్టెలు. రెండోది అదే సైజులో మామూలు రకం, పెట్టె 500, 180 పెట్టెలు. మిగతావి 12 బై 18 గోడ టైల్స్ 150, వాటికి జోడీగా వచ్చే డిజైన్ టైల్స్ 20. గొడవంతా మొదటి రెండింటి దగ్గరే. సైజు ఒకటే, పెట్టె ఒకటే, పెట్టె మీద అచ్చు ఒకటే, ఒక్కో పెట్టెలో రెండేసి పీసులు. పక్కన అంటించిన చిన్న స్టిక్కరు మీద డిజైన్ పేరు, బ్యాచ్ నంబరు మాత్రమే వేరు. గోడౌన్‌లో ఈ రెండూ పక్కపక్క దొంతరల్లో ఉంటే లోడు ఎత్తేటప్పుడు ఒకటి బదులు ఇంకొకటి ఎక్కడం చాలా తేలిక. కావాలని చేశారా, పొరపాటున జరిగిందా అన్నది నేను చెప్పలేను. నష్టం మాత్రం రెండు విధాలా కొన్నవాడికే.

లారీ రాగానే డ్రైవరు ట్రాన్స్‌పోర్టువాళ్ల లారీ రసీదు, అంటే ఎల్ఆర్ కాగితం చేతికిచ్చి ముందు సంతకం, స్టాంపు వేయమన్నాడు. ఇంకో పాయింటుకి వెళ్లాలని, ఆలస్యమైతే హాల్టింగ్ చార్జీ పడుతుందని తొందరపెట్టాడు. ఈ మాట దాదాపు ప్రతి లోడుకీ వింటాం. అతని తొందర నిజమే కావచ్చు. కానీ "సరుకు మంచి స్థితిలో పూర్తిగా ముట్టింది" అన్న అచ్చు వాక్యం కింద మీ సంతకం పడ్డాక మీరు చెప్పేదానికి బలం చాలావరకు పోతుంది. మేం సంతకం పెట్టకుండా దింపడం మొదలుపెట్టించాం.

లెక్కపెట్టే కుర్రాడి చేతికి మేం చలాన్ ఇవ్వం. ఐటమ్ పేర్లు మాత్రం రాసి, అంకెల గడి ఖాళీగా ఉంచిన చెక్‌లిస్టు ఇస్తాం. చలాన్‌లో 200 అని కనబడుతుంటే, 192 దగ్గర ఆగిన మనిషికి కూడా ఎక్కడో లెక్క తప్పానేమో అనిపించి 200 అనే రాసేస్తాడు. అంకె తెలియకపోతే కళ్లకు కనబడిందే రాస్తాడు. హమాలీలు దింపుతుంటే ఏ ఐటమ్‌కి ఆ ఐటమ్ విడిగా దొంతర పెట్టించి, పదేసి పెట్టెలకు ఒక సుద్దగీత గీయిస్తాం. స్టిక్కరు అన్నీ ఒకే వైపు, మనకు కనబడేలా ఉండాలి. మొదట్లో హమాలీలు విసుక్కుంటారు. స్టిక్కరు గోడవైపు తిరిగితే మాత్రం రెండు రకాలు కలిసిపోయినా మనకు తెలియదు.

దించడం పూర్తయ్యాక చలాన్ పక్కన పెట్టుకుని చూస్తే మొదటి ఐటమ్ 192, రెండోది 188, మూడోది 150, నాలుగోది 20 ఉన్నాయి. కూడితే 550. పక్క దుకాణంలో పెట్టెలన్నీ ఒకే వరుసలో దింపించుకుని, మొత్తం చూసుకుని, సంతకం పెట్టి పంపేశారు. వాళ్లకీ ఇవే రెండు రకాలు వచ్చాయి. ఒక ఇంటివాళ్లకు సరుకు పంపబోతే ఖరీదైన రకం సరిపోలేదు. అప్పుడు గాని బయటపడలేదు.

ఇక డ్యామేజీ. దీన్ని పెట్టెల్లో కాక పీసుల్లో రాయాలి. మొదటి ఐటమ్‌లో ఏడు పెట్టెల మూలలు నలిగి ఉన్నాయి. డ్రైవరు ముందే విప్పాం. 14 పీసుల్లో 9 పగిలాయి, 5 బాగున్నాయి. "ఏడు పెట్టెలు డ్యామేజ్" అని రాస్తే బాగున్న ఐదూ ఎందుకు కలిపారని అవతలివాళ్లు పట్టుకుంటారు. ఆ ఒక్క తప్పు చూపించి లెక్క మొత్తాన్నీ అనుమానిస్తారు. అందుకే మా చెక్‌లిస్టులో వచ్చిన పెట్టెలు, నలిగిన పెట్టెలు, విప్పిన పెట్టెలు, పగిలిన పీసులు, బాగున్న పీసులు అని వేర్వేరు గడులు ఉంటాయి. మొదటి ఐటమ్‌లో చివరికి 185 సీలు పెట్టెలు, 5 విడి పీసులు స్టాకులోకి వెళ్లాయి.

పెట్టె బయటికి బాగుండి లోపల టైల్ పగిలితే ట్రాన్స్‌పోర్టువాళ్లు తమది కాదంటారు. వాళ్లు ఎల్ఆర్‌లో రాసేది ఇన్ని పెట్టెలు అనే గాని, లోపల ఏముందో తాము చూడలేదన్న షరతు దాని మీదే ఉంటుంది. పెట్టె నలిగి పగిలితే దారిలో జరిగిందని చెప్పడానికి ఆధారం ఉంటుంది. కాబట్టి పెట్టె బయట ఎలా ఉంది, లోపల ఎలా ఉంది అన్న రెండూ రాసి, విప్పక ముందు ఒక ఫొటో, విప్పాక ఒక ఫొటో స్టిక్కరు కనబడేలా తీయండి. పెట్టెను కొద్దిగా ఎత్తి కదిపితే పగిలినవి గలగలమంటాయి. టేపు రంగు తేడాగా ఉన్నా, పట్టీ తెగి ఉన్నా తప్పకుండా విప్పించండి.

బ్యాచ్ నంబరును చాలామంది రాయరు. మా 192 పెట్టెల్లో 40 వేరే బ్యాచ్‌వి. ఒక్కో పెట్టె పదిహేనున్నర చదరపు అడుగులు, అంటే 620 చదరపు అడుగుల సరుకు. డిజైన్ అదే అయినా ఒక హాలులో ఈ రెండు బ్యాచ్‌లు కలిపి పరిస్తే వెలుతురులో రంగు తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ఇది షార్టేజీ కాదు, డ్యామేజీ కాదు. కానీ రాయకపోతే రేపు మీ కస్టమరు మిమ్మల్నే అడుగుతాడు.

ఇదంతా చెక్‌లిస్టులో రాసుకుంటే సరిపోదు. డ్రైవరు తిరిగి తీసుకెళ్లే ఎల్ఆర్ కాపీ మీదే రాయాలి. డబ్బు తిరిగి వచ్చేదీ రానిదీ ఇక్కడే తేలిపోతుంది. మన దగ్గర ఉండే కాపీ మీద ఎంత రాసుకున్నా, పంపినవాళ్లకు చేరేది డ్రైవరు కాపీ. పక్క దుకాణం వాళ్లు తరువాత ఫోన్ చేస్తే సరుకు పంపిన డిపోవాళ్లు ఆ కాపీ ఫొటో పంపి, "మీ స్టాంపు ఇదే కదా" అన్నారు. మేం డ్రైవరు కాపీ, మా కాపీ రెండింటి మీదా, అవతలివాళ్లు చదవగలిగే భాషలో, ఈ అర్థం వచ్చేలా రాశాం:

"డ్రైవరు సమక్షంలో లెక్కించాం. ఐటమ్ 1: చలాన్ 200, వచ్చినవి 192, తక్కువ 8. ఐటమ్ 2: చలాన్ 180, వచ్చినవి 188, ఎక్కువ 8. ఐటమ్ 1లో 7 పెట్టెలు నలిగి వచ్చాయి, విప్పితే 9 పీసులు పగిలి ఉన్నాయి, 40 పెట్టెలు వేరే బ్యాచ్."

కింద తేదీ, సమయం, డ్రైవరు సంతకం. డ్రైవరు సంతకం పెట్టనంటే ఆ మాట కూడా అక్కడే రాసి, కాగితం లారీ నంబరు పక్కన పెట్టి ఫొటో తీయండి. "లెక్క చూడాల్సి ఉంది" అని మాత్రం రాయకండి. దానివల్ల ఏ అంకే రుజువు కాదు.

ఆ సాయంత్రమే చెక్‌లిస్టు, ఫొటోలు మెయిల్‌లో పంపాం. డిపోవాళ్లు మొదట ఎక్కువ వచ్చిన ఎనిమిదిని తక్కువైన ఎనిమిదికి సర్దుకోమన్నారు. మేం అడగని సరుకును మా నెత్తిన రుద్దడమే అది. 1930 నాటి సరుకుల విక్రయ చట్టం 37వ సెక్షన్ ప్రకారం, ఆర్డరు ఇచ్చినదానితో వేరే రకం కలిపి పంపితే ఆర్డరు ప్రకారం ఉన్నది ఉంచుకుని మిగతాది తిరస్కరించవచ్చు. అయితే ఆ మాట వెంటనే చెప్పాలి. చెప్పకుండా చాలాకాలం ఉంచుకుంటే ఒప్పుకున్నట్టే లెక్క. మేం ఆ ఎనిమిది పెట్టెలను విడిగా పెట్టి, అమ్మకుండా, తీసుకెళ్లమని రాశాం. ఒక్క పెట్టె అమ్మినా మా మాట చెల్లదు.

మా క్లెయిము లెక్క ఇది. తక్కువైన 8 పెట్టెలకు 4,960, పగిలిన 9 పీసులకు ఒక్కోటి 310 చొప్పున 2,790. మొత్తం 7,750, దానిపై 18 శాతం జీఎస్టీ 1,395 కలిపి 9,145 రూపాయలు. తరువాత డిపోవాళ్లు బదులు సరుకు పంపుతామన్నారు. మేం ముందు బ్యాచ్ నంబరు అడిగాం. వాళ్ల దగ్గర ఉన్నది మూడో బ్యాచ్. ఎనిమిది పెట్టెల మూడో రంగును ఏ ఇంటికి అమ్మగలం? బిల్లులోంచి ఆ మొత్తం తగ్గించే క్రెడిట్ నోటే కావాలని పట్టుబట్టి తీసుకున్నాం. అది వచ్చేదాకా అందని సరుకు మీద, కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని సర్దుకునే ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకోలేదు. సరుకు చేతికి అందితేనే క్రెడిట్ అన్నది జీఎస్టీ చట్టంలోనే ఉంది. పోర్టల్లో బిల్లు పూర్తి మొత్తానికి కనబడినా మీ అకౌంటెంటుకు చెక్‌లిస్టు కాపీ ఇవ్వండి.

మా దుకాణందాకా చేర్చే బాధ్యత పంపినవాళ్లదే అని ఆర్డరులో రాసి ఉంది కాబట్టి పగిలినవాటికీ వాళ్లే కట్టారు. మీరు ఫ్యాక్టరీ రేటుకు కొని లారీ మీరే మాట్లాడుకుంటే, దారిలో పగిలినదానికి మీరు ట్రాన్స్‌పోర్టువాళ్లను అడగాలి. అలాంటప్పుడు సరుకు బుక్ చేసిన తేదీ నుంచి 180 రోజుల లోపల వాళ్లకు రాతపూర్వక నోటీసు అందాలి. 2007 నాటి రోడ్డు రవాణా చట్టం ప్రకారం అది లేకుండా కేసు వేయడానికి వీల్లేదు. ఆ గడువు లారీ మీ ఇంటికి చేరిన రోజు నుంచి కాదు, బుక్ చేసిన రోజు నుంచి. ఎల్ఆర్ మీద ఆ తేదీ ఉంటుంది, చూసి పెట్టుకోండి.