శాలిహుండం కొండ స్కాన్: ఒకే సైజు చుక్కలా, దూరాన్ని బట్టి మారే చుక్కలా?

శాలిహుండం కొండ, కింద వంశధార గట్టు కలిపి 4 కోట్ల లైడార్ పాయింట్లు ఉన్నాయనుకోండి. చోటును ఎనిమిదేసి నోడ్‌లుగా చీల్చుకుంటూ పోయే ఆక్ట్రీలో పెడితే ఒక్కో లెవెల్ దిగేకొద్దీ చుక్కల మధ్య ఎడం సగమవుతుంది. తేలాల్సింది ఒక్కటే, చుక్క ఎంత పెద్దగా గీయాలి?

మొదటి దారి, అన్నిటికీ 3 పిక్సెళ్లు. షేడర్‌లో ఒక్క లైను, పని అయిపోతుంది. దూరం నుంచి కొండ బాగానే కనిపిస్తుంది. తిప్పలన్నీ దగ్గరికెళ్లాకే.

రెండో దారిలో చుక్క సైజు ఎడాన్ని బట్టి మారుతుంది:

```
px = s * H / (2 * d * tan(fov/2))
```

తెర ఎత్తు `H` 1080 పిక్సెళ్లు, కెమెరా నిలువు చూపు కోణం `fov` 60 డిగ్రీలు, ఎడం `s` 1 మీటరు అనుకుందాం. దూరం `d` 200 మీటర్లైతే దాదాపు 5 పిక్సెళ్లు, 50 మీటర్లైతే 19. అంటే దగ్గర్లో 3 పిక్సెళ్ల చుక్కల మధ్య కన్నాలు పడతాయి. ఎత్తును బట్టి రంగు వేసినప్పుడు ఇది ఇట్టే తెలిసిపోతుంది: ఎర్రటి కొండకొమ్ములోంచి వెనకున్న ఏటి గట్టు నీలం తొంగిచూస్తుంది.

రెండో దారికీ ఓ మెలిక ఉంది. లోతు లెవెల్ వచ్చాక కూడా పై లెవెల్ చుక్కలు తెరమీదే ఉంటాయి. వాటికి తమ లెవెల్ ఎడమే ఇస్తే పెద్ద బిళ్లలై సన్న వివరాలను కప్పేస్తాయి. అందుకే ఆ చోట కనిపిస్తున్న అతి లోతైన లెవెల్ ఎడం తీసుకోవాలి. ఆ లెవెళ్ల పట్టికను చిన్న టెక్స్చర్‌గా షేడర్‌కి పంపితే చాలు.

నేనైతే రెండోదే వాడతాను. పాత ఫోన్లో ప్రివ్యూ కోసమైతే మొదటిది సరిపోతుంది. ఏది వాడినా రంగుల కొలత మొత్తం ఫైలుకి ఒకటే ఉండాలి. ఒక్కో నోడ్‌కి వేరైతే కొండ అతుకుల బొంతలా కనిపిస్తుంది.