నిశ్చితం–కారణం ప్రశ్నల బుక్కు కొంటున్నారా? ముందుగా, వెనక పేజీల్లో ఉన్న కీ చూడండి

గ్రూప్-2 కి చదివేవాళ్ళకి చెబుతున్నా. నిశ్చితం (A), కారణం (R) ప్రశ్నలకి విడిగా ప్రాక్టీస్ బుక్కులు అమ్ముతున్నారు కదా, అందులో ఒకటి 380 రూపాయలు పెట్టి కొన్నాను. దాని కీ నమ్మి మూడు వారాలు తప్పు నేర్చుకున్నాను.

అనుమానం వచ్చింది ఈ ప్రశ్న దగ్గర.

A: కృష్ణా నది తూర్పుగా ప్రవహించి బంగాళాఖాతంలో కలుస్తుంది.
R: కృష్ణా నది పడమటి కనుమల్లో మహాబలేశ్వర్ దగ్గర పుడుతుంది.

రెండూ నిజమే, కానీ A కి R సరైన వివరణ కాదని పెట్టాను. కీలో మాత్రం సరైన వివరణే అని ఉంది. నాదే పొరపాటనుకుని కొట్టేసి దిద్దుకున్నాను కూడా. తర్వాత అట్లాస్ తీస్తే, అదే మహాబలేశ్వర్ దగ్గర పుట్టిన సావిత్రి నది పడమరకి దిగి అరేబియా సముద్రంలో కలుస్తోంది. పుట్టిన చోటే కారణమైతే సావిత్రి కూడా ఇటే రావాలి కదా! కృష్ణ మనవైపు రావడానికి కారణం దక్కన్ పీఠభూమి తూర్పుకి వాలి ఉండటం. ఆ మాట R లో ఎక్కడా లేదు.

అక్కడి నుంచి కీ మొత్తం మళ్ళీ చూశాను. సైన్సులో ఇంకో రకం తప్పు కనిపించింది. A: మనిషి పరిపక్వ ఎర్ర రక్తకణంలో కేంద్రకం ఉండదు. R: ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులే బతుకుతుంది. దీన్నీ సరైన వివరణ అన్నారు. మధ్యలో 'ఎందుకంటే' పెట్టి చదవండి: కేంద్రకం ఉండదు, ఎందుకంటే 120 రోజులే బతుకుతుంది. తలకిందులుగా ఉంది. కేంద్రకం లేక కొత్త ప్రొటీన్లు చేసుకోలేకపోవడం వల్లే ఆ కణం త్వరగా అరిగిపోతుంది. అంటే R ఇక్కడ ఫలితం, కారణం కాదు. రెండు వాక్యాలూ నిజం, రెండింటికీ సంబంధమూ ఉంది, అందుకే ఇలాంటిది పట్టుకోవడం కష్టం. ఏపీపీఎస్సీ పరీక్షలో ఇలా పెడితే మార్కు రాకపోగా మూడో వంతు కోత కూడా.

షాపులో తీసుకోనన్నారు, ప్రచురించినవాళ్ళకి మెయిల్ పెడితే జవాబు లేదు.

మీరు కొనేటప్పుడు కౌంటర్ దగ్గరే 'రెండూ నిజం, వివరణ కాదు' అని జవాబున్న ప్రశ్నలు మూడు నాలుగు వెతకండి. కింద అసలు కారణం ఏమిటో రాశారా చూడండి. ఉత్త అక్షరమే ఉన్నా, R వాక్యాన్నే తిరగరాసి వివరణ అన్నా, ఆ బుక్కు అక్కడే పెట్టేయండి. నా బుక్కులో యాభై ప్రశ్నల భూగోళం చాప్టర్లో అలాంటి జవాబు రెండే రెండు చోట్ల ఉంది, రెండిట్లోనూ ఉత్త అక్షరమే.

ఇప్పటికే కొన్నవాళ్ళు కీలో 'సరైన వివరణ' అని ఉన్నవన్నీ పెన్సిల్ పట్టుకుని మళ్ళీ చూడండి. 'ఎందుకంటే' పెట్టి చదవండి. ఆ తర్వాత R నిజమై కూడా A జరగని సందర్భం, సావిత్రి లాంటిది, ఒక్కటైనా దొరుకుతుందేమో వెతకండి.