వంటింటి గ్యాస్ అలారంలో ఎంక్యూ-6 సెన్సార్: కొన్నేళ్ల వాడకం తర్వాత సమీక్ష

విశాఖపట్నంలోని మా వంటింట్లో సిలిండరు పక్కన నేల నుంచి జానెడున్నర ఎత్తులో గోడకు బిగించిన గ్యాస్ అలారం నేను సొంతంగా తయారు చేసుకున్నది. అందులో పని చేసే సెన్సార్ ఎంక్యూ-6, దాని విలువలను చదివేది ఒక చిన్న ఆర్డుయినో బోర్డు. ఎంక్యూ-2 కూడా ఇదే ధరకు దొరుకుతుంది, కానీ అది పొగకూ ఆల్కహాల్ ఆవిరికీ ఎక్కువగా స్పందిస్తుంది కనుక, రోజూ తిరగమోత వేసే ఇంటికి ఎంక్యూ-6 మేలనిపించింది. ఈ సమీక్షలో సెన్సార్ మంచిచెడ్డల కంటే, అది అకారణంగా మోగకుండా ఉండటానికి చేయవలసిన రెండు పనుల గురించే ఎక్కువగా రాస్తున్నాను. ఒకటి దానిని సరిగా వేడెక్కనివ్వడం, రెండోది తెలిసిన మోతాదు గ్యాస్‌తో క్యాలిబ్రేట్ చేయడం. ముందే ఒక మాట చెప్పాలి: ఇది అదనపు కాపలా మాత్రమే. ధ్రువీకరణ పొందిన అలారం స్థానంలో దీన్ని పెట్టుకోమని నేను ఎవరికీ చెప్పను.

ఈ సెన్సార్‌లో గ్యాస్‌ను పట్టేది టిన్ ఆక్సైడ్ పొర. దాన్ని లోపల ఒక చిన్న హీటర్ నిరంతరం వేడిగా ఉంచుతుంది. శుభ్రమైన గాలిలో ఆ పొర నిరోధం ఎక్కువగా ఉంటుంది, గ్యాస్ తగిలితే పడిపోతుంది. హీటర్‌కు సరిగ్గా 5 వోల్టులు అందాలి, అది సుమారు 150 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటుంది. పొడవైన సన్నని తీగ వాడితే సెన్సార్ కాళ్ల దగ్గరికి వచ్చేసరికి వోల్టేజి తగ్గి, పొర చాలినంత వేడెక్కక, గాలిలోని తేమకు రీడింగులు మరింతగా ఊగిసలాడతాయి. అందుచేత మల్టీమీటరు ముల్లును ఛార్జరు దగ్గర కాకుండా సెన్సార్ కాళ్ల దగ్గరే పెట్టి కొలవాలి.

కొత్త సెన్సార్‌ను పెట్టెలోంచి తీసి వెంటనే కొలతలు మొదలుపెట్టడం వృథా. తయారీదారుల పత్రాల్లో కొన్ని 24 గంటలకు పైగా, కొన్ని 48 గంటలకు పైగా ముందుగా వేడెక్కించమంటాయి. నేను రెండు రోజుల లెక్కనే పాటిస్తాను. మొదటి గంటల్లో శుభ్రమైన గాలిలో కూడా రీడింగు మెల్లగా జరుగుతూనే ఉంటుంది, రెండో రోజు సాయంత్రానికి గానీ నిలకడగా కనిపించదు. నెలల తరబడి బీరువాలో పడి ఉన్న సెన్సార్‌కూ ఇదే వర్తిస్తుంది.

రోజువారీ వాడకంలో ఇంతకంటే ఇబ్బంది పెట్టేది కరెంటు పోయి రావడం. చల్లారిన సెన్సార్‌కు మళ్లీ కరెంటు అందగానే, గ్యాస్ ఉన్నా లేకున్నా దాని నిరోధం మొదటి క్షణాల్లో బాగా పడిపోయి, తర్వాత క్రమంగా పైకి లేచి స్థిరపడుతుంది. అలారానికి మాత్రం ఆ పతనం అచ్చం లీకులాగే కనిపిస్తుంది. రాత్రి కరెంటు వచ్చిన ప్రతిసారీ ఇల్లంతా ఉలిక్కిపడి లేచే అలారాన్ని ఎవరైనా రెండు వారాల్లో పీకి పక్కన పడేస్తారు. అందుకే మా అలారం ఆన్ అయిన తర్వాత మూడు నిమిషాలు మోగదు, పసుపు దీపం మాత్రం మిణుకుమిణుకుమంటూ ఇంకా కాపలా మొదలుకాలేదని చెబుతుంది. మూడు నిమిషాలు గడిచాక కూడా రీడింగు హద్దు దాటే ఉంటే, కరెంటు లేని సమయంలోనే లీకు జరిగి ఉండవచ్చు కనుక అప్పుడు మోగుతుంది.

ఇక్కడే చాలా ఉదాహరణ ప్రోగ్రాములతో నాకు పేచీ ఉంది. అవి ఆన్ అయిన ప్రతిసారీ కొన్ని రీడింగులు తీసుకొని, వాటి సగటునే శుభ్రమైన గాలి విలువగా రాసుకుంటాయి. అంటే సెన్సార్ ఇంకా చల్లగా ఉన్నప్పుడో, గదిలో అప్పటికే గ్యాస్ చేరి ఉన్నప్పుడో తీసిన విలువ ఆ తర్వాతి కాపలా అంతటికీ ఆధారమవుతుంది. మొదటిది అలారాన్ని మొద్దుబారుస్తుంది, రెండోది మరీ ప్రమాదకరం, ఎందుకంటే ఉన్న లీకునే అది మామూలు గాలిగా లెక్కగడుతుంది. క్యాలిబ్రేషన్ విలువను ఒకసారి శ్రద్ధగా కనుక్కొని, కరెంటు పోయినా చెరగని ఈఈప్రామ్ మెమరీలో దాచి, మళ్లీ చేతితో మార్చేదాకా కదలకుండా ఉంచడమే సరైన పద్ధతి.

క్యాలిబ్రేషన్‌కు ముందు మాడ్యూల్ మీదున్న ఒక చిన్న రెసిస్టరును చూడాలి. సెన్సార్‌తో వరుసలో ఉండే ఈ లోడు రెసిస్టరు మీది వోల్టేజినే ఆర్డుయినో చదువుతుంది. ఎంక్యూ-6కు సాధారణంగా సూచించేది 20 కిలో ఓమ్‌లు. చవక మాడ్యూళ్ల మీద మాత్రం తరచుగా 102 అని రాసిన 1 కిలో ఓమ్ రెసిస్టరు ఉంటుంది, నేను కొన్నదాని మీదా అదే ఉంది. దాన్ని ఊడదీసి 20 కిలో ఓమ్‌లది వేయడం ఐదు నిమిషాల టంకం పని. అకారణ మోతలను అంతగా తగ్గించిన మార్పు నాకు మరొకటి కనబడలేదు. కారణం లెక్కలోనే తెలుస్తుంది. ఇందులో Rs సెన్సార్ నిరోధం, RL లోడు రెసిస్టరు విలువ, V ఆర్డుయినో చదివే వోల్టేజి.

```
Rs = RL * (5.0 - V) / V
```

మా సెన్సార్ బాగా వేడెక్కాక, 20 కిలో ఓమ్‌ల లోడుతో, డాబా మీది శుభ్రమైన గాలిలో 0.60 వోల్టులు చూపింది, అంటే దాని నిరోధం దాదాపు 147 కిలో ఓమ్‌లు. అదే సెన్సార్ 1 కిలో ఓమ్ లోడుతో ఉంటే ఆ వోల్టేజి 0.034 మాత్రమే. ఆర్డుయినో లెక్కలో అది 1023లో 7. అలారం మోగవలసిన గ్యాస్ మోతాదు దగ్గర కూడా ఆ అంకె 69 దాటదు. శుభ్రమైన గాలికీ ప్రమాదానికీ మధ్య అంత ఇరుకు జాగా మిగిలితే, ఫ్రిజ్ కంప్రెసర్ ఆన్ అయినప్పుడు వచ్చే చిన్న విద్యుత్ అలజడి కూడా రీడింగును చెప్పుకోదగ్గంతగా కదిలిస్తుంది. 20 కిలో ఓమ్‌లతో ఇవే విలువలు 123, 606 అవుతాయి.

ఇక హద్దు ఎక్కడ పెట్టాలన్నది. ఎల్పీజీ గాలిలో సుమారు 1.8 శాతానికి, అంటే పది లక్షల పాళ్లలో ఎన్ని పాళ్లో చెప్పే పీపీఎం లెక్కలో 18,000కు చేరితే అంటుకోగల స్థితి వస్తుంది. అందులో పదో వంతు, 1,800 పీపీఎం దగ్గర మోగాలని నేను నిర్ణయించుకున్నాను. లైటరు గ్యాస్‌ను సెన్సార్ మీదికి ఊది చూసే పరీక్ష ఈ పనికి చాలదు. అక్కడ సాంద్రత ఎంతో తెలియదు, సెన్సార్ ఒక్కసారిగా నిండిపోయి చాలాసేపటికి గానీ తేరుకోదు. బజరు పని చేస్తున్నదని తెలుస్తుంది, అంతే.

దానికి బదులు నేను 20 లీటర్ల నీళ్ల క్యాన్‌ను బాగా ఆరబెట్టి వాడాను. అంత క్యాన్‌లో 20 మిల్లీలీటర్ల గ్యాస్ చేరితే సరిగ్గా 1,000 పీపీఎం అవుతుంది, 36 మిల్లీలీటర్లకు 1,800. ఇవి మండే హద్దుకు చాలా దిగువన ఉన్నా, సిరంజిలో ఉన్నది మాత్రం అసలు గ్యాసే కనుక పనంతా డాబా మీద, దరిదాపుల్లో నిప్పు లేకుండా చేశాను. వేడెక్కి ఉన్న సెన్సార్‌ను తీగలతో సహా క్యాన్‌లోకి దించి, మూతిని గోధుమపిండి ముద్దతో మూశాను. సిలికోన్ సీలెంటు మాత్రం వాడకూడదు, దాని ఆవిరి టిన్ ఆక్సైడ్ పొరను శాశ్వతంగా పాడు చేస్తుంది. తర్వాత లైటరు నుంచి సిరంజిలోకి తీసుకున్న 20 మిల్లీలీటర్ల బ్యూటేన్‌ను ముద్దలోంచి సూదితో లోపలికి ఎక్కించి, గాలికంటే బరువైన గ్యాస్ అడుగున పేరుకోకుండా క్యాన్‌ను మెల్లగా అటూ ఇటూ దొర్లించి, అంకె నిలిచేదాకా ఆగాను.

అది 2.65 వోల్టుల దగ్గర నిలిచింది, అంటే 17.7 కిలో ఓమ్‌లు. పత్రంలో ఉన్న వక్రరేఖ ప్రకారం 1,800 పీపీఎం దగ్గర ఇందులో దాదాపు 78 శాతం, అంటే 13.8 కిలో ఓమ్‌లు రావాలి. ఇంకో 16 మిల్లీలీటర్లు ఎక్కించి చూస్తే రీడింగు 2.95 వోల్టులకు చేరింది. లెక్కకూ కొలతకూ తేడా పట్టించుకోదగ్గది కాదు. సిలిండరులో ఉండేది ప్రొపేన్, బ్యూటేన్‌ల మిశ్రమం, లైటరులో ఎక్కువగా బ్యూటేన్. ఈ తేడా అలారానికి అడ్డు కాదు గానీ, తెర మీద పీపీఎం అంకె వేసి దాన్ని కచ్చితమని చెప్పుకోవడానికి మాత్రం అడ్డే. నా అలారానికి తెర లేదు. పని ముగిశాక క్యాన్‌ను కాసేపు తలకిందులుగా ఉంచితే గ్యాస్ దానంతట అదే జారిపోతుంది.

హద్దు సరిగా కుదిరినా తిరగమోత, వేపుళ్ల నూనె ఆవిరి, నేల తుడిచే ద్రవం, శానిటైజరు రీడింగును పైకి నెడతాయి. వాటన్నిటి తీరూ ఒకటే: గబుక్కున లేచి, కాసేపట్లో దిగిపోతాయి. రెగ్యులేటరు దగ్గరో రబ్బరు గొట్టం దగ్గరో జరిగే లీకు లేచాక దిగదు. అందుకని రీడింగు హద్దుకు పైన వరుసగా 30 సెకన్లు ఉంటేనే మోగేలా పెట్టాను, తిరగమోత మోతలు దాదాపు అక్కడితో ఆగిపోయాయి. దోమల స్ప్రే కొట్టినప్పుడు మాత్రం ఇప్పటికీ అప్పుడప్పుడూ మోగుతుంది. ఆ డబ్బాల్లో ద్రవాన్ని బయటికి తోసేది చాలావరకు ఎల్పీజీయే కనుక దాన్ని అబద్ధపు మోత అనడానికి నాకు మనసొప్పదు.

సముద్రం పక్క ఊరు కావడంతో వానాకాలం మరో లెక్క. తేమకూ వేడికీ సెన్సార్ నిరోధం తగ్గుతుంది. జల్లులు పడే రోజుల్లో శుభ్రమైన గాలి రీడింగు 0.60 నుంచి 0.70 వోల్టుల దాకా పెరగడం చూశాను, అంటే నిరోధం దాదాపు 16 శాతం తగ్గినట్టు. అదే తగ్గుదల గ్యాస్ ఉన్నప్పుడూ ఉంటుందనుకుంటే, 1,800 పీపీఎంకు పెట్టిన హద్దు ఆ రోజుల్లో సుమారు 1,200 దగ్గరే దాటుతుంది. మోత కాస్త ముందుగా వస్తుందే తప్ప ఆలస్యం కాదు కనుక హద్దును నేను కదపలేదు. ఉష్ణోగ్రత, తేమ సెన్సార్ పెట్టి దిద్దుబాటు చేసేవారున్నారు. వంటింటి అలారానికి ఆ శ్రమ అక్కర్లేదని నా అభిప్రాయం.

అలారం మోగగానే ఎగ్జాస్ట్ ఫ్యాను దానంతట అదే తిరిగేలా రిలే పెట్టమని కొందరు మిత్రులు సూచించారు, నేను పెట్టలేదు. గ్యాస్ చేరిన గదిలో స్విచ్చులూ మోటార్లూ కదలకుండా ఉండటమే క్షేమం. బజరు మోగితే నిప్పు ఆర్పి, రెగ్యులేటరు ఆపి, కిటికీలు తలుపులు తెరిచి, బయటికి వచ్చి 1906కు ఫోన్ చేయడం ఇంట్లో అందరికీ తెలుసు.

సెన్సార్ కాలంతో పాటు మందగిస్తుంది, నూనె జిడ్డు జాలీ మీద పేరుకుంటే మరీ త్వరగా. ఏటా ఒకసారి క్యాన్ పరీక్షను 20 మిల్లీలీటర్లతో మళ్లీ చేస్తాను. 2.65కు దగ్గరగా వస్తే అలాగే ఉంచుతాను. 2.3 వోల్టులకు పడిపోయిందంటే, దాచి ఉంచిన హద్దు ప్రకారం అలారం దాదాపు 3,500 పీపీఎం దాకా మోగదన్నమాట. అప్పుడు హద్దును కిందికి జరిపి సరిపెట్టుకోకుండా సెన్సార్‌నే మార్చేయాలి. కొత్తది రెండు రోజులు విడిగా వేడెక్కి, క్యాన్‌లో తన అంకె తాను చూపేదాకా పాతదే గోడ మీద ఉంటుంది.