ఐసు గది మార్పు: బోటంతా మార్చి చూడాలా, సగమే మార్చి చూడాలా?

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ఒక బోటు యజమానుల సంఘం తమ నలభై బోట్లలో చేపలు నిల్వ చేసే గదులకు లోపలివైపు ఫోమ్ పొర, దానిపై ఫైబర్ పూత వేయించాలనుకుంటోందని అనుకుందాం. ఐసు తక్కువ కరుగుతుందని, చేప తాజాగా వస్తుందని ఆశ. బోటుకు మూడు లక్షల చొప్పున మొత్తం 1.2 కోట్లు. అంత డబ్బు పెట్టేముందు చిన్న ప్రయోగం చేయాలన్న మాటలో ఎవరికీ పేచీ లేదు. ఎలా చేయాలన్న దగ్గరే తగాదా.

జెట్టీ మీద రెండు పెట్టెల్లో ఐసు వేసి పోల్చడం అన్నిటికన్నా చవక. కానీ వేటలో మూత రోజుకు ఎన్నోసార్లు తెరుస్తారు, కళాసీలు లోపలికి దిగుతారు, పక్కనే ఇంజన్ వేడి. ఇవేవీ లేని పరీక్షతో ఫోమ్ పనిచేస్తుందని తెలుస్తుంది. అది ముందే తెలిసిన సంగతి.

ఎక్కువమంది కోరేది ఒక బోటును పూర్తిగా మార్చి, పక్క బోటుతో పోల్చడం. చూపించడానికి బాగుంటుంది. చిక్కేమిటంటే, ముందుకొచ్చే యజమాని సాధారణంగా చురుకైనవాడు, అతని సరంగు అనుభవజ్ఞుడు. ఆ బోటుకు మంచి ధర వస్తే దానికి కారణం ఫోమా, సరంగా, ఆ వేటలో పడిన చేపా? ఒక్క బోటుతో తేల్చలేం. అదే బోటును ముందూ తర్వాతా పోల్చుదామంటే కాలం అడ్డొస్తుంది. తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు. ఆ విరామంలో పొర వేయించి, జూన్ ఎండల్లో వచ్చిన లెక్కను జనవరి లెక్కతో పోలిస్తే ఫోమ్ దండగ అనిపించవచ్చు. తిప్పి పోలిస్తే అద్భుతం అనిపించవచ్చు.

నా ఓటు మూడోదానికి: ఒకే బోటులో సగం గది మార్చడం. అదే వేట, అదే చేప, అదే సరంగు, అదే ఎండ. ఖర్చు సుమారు సగం. అయితే గదిని ఎలా విడదీస్తామన్నదే కీలకం. ముందు, వెనుక భాగాలుగా విడదీస్తే ఇంజన్ గదిని ఆనుకున్న భాగంలో ఐసు ముందే కరుగుతుంది, పోలిక చెడుతుంది. మధ్యలో పొడవునా పలక దించి కుడి, ఎడమలుగా విడదీయాలి. ఫోమ్ వేయకముందు, నిషేధానికి ముందరి వేటలో రెండు వైపులా ఉష్ణోగ్రత నమోదు చేసే పరికరాలు పెట్టి చూడాలి. అప్పటికే ఒకవైపు తేడా ఉంటే తర్వాత ఫోమ్ ఖాతాలో పడకుండా తీసేయవచ్చు.

ఇక ఐసు లెక్క. వేటకు పది టన్నులు, కిలో రెండు రూపాయలు అనుకుంటే ఇరవై వేలు. ఐదో వంతు ఆదా అయితే వేటకు నాలుగు వేలు. ఏడాదికి ఇరవై వేటలకు ఎనభై వేలు. మూడు లక్షలు దాదాపు నాలుగేళ్లలో తిరిగొస్తాయి. ఆదా పదో వంతే అయితే ఏడున్నరేళ్లు పడుతుంది, అప్పు తెచ్చి చేసే పని కాదది. కాబట్టి ఐదో వంతు అన్న గీతను పొర వేయకముందే కాగితం మీద రాసి సంతకాలు చేయించాలి. ఫలితం వచ్చాక గీసే గీత ఎప్పుడూ ఫలితం దగ్గరికే జరుగుతుంది.

రెండు వైపులా ఐదేసి టన్నులు తూచి వేసి, జెట్టీకి వచ్చాక మిగిలిన ఐసును తూచాలి. తేడా ఒక టన్ను ఉంటే గీత దాటినట్టే. ఒక మెలిక ఉంది. పాతవైపు ఐసు ఎనిమిదో రోజుకే అయిపోయిందనుకోండి, ఆ తర్వాత అక్కడ కరగడానికేమీ లేదు. కాటా చూపే తేడా అసలు తేడాకన్నా తక్కువ. లోపలి ఉష్ణోగ్రత ఎప్పుడు సున్నా నుంచి పైకి లేచిందో చూస్తే అది బయటపడుతుంది. చేపలను బుట్ట కుడికి, బుట్ట ఎడమకు వేయించాలి. లేకపోతే కళాసీలు మంచి చేపను కొత్త వైపుకే సర్దుతారు. అందులో మోసమేమీ లేదు, కొత్తదానిపై నమ్మకం అంతే. వేలంలో రెండు వైపుల చేపనూ విడిగా పెట్టి, ఏది ఎటుదో కొనేవారికి చెప్పకూడదు.

ఈ పద్ధతి చెప్పలేనివీ ఉన్నాయి. ఐసు మిగులుతోందని తెలిస్తే సరంగు తక్కువ ఐసు తీసుకెళ్తాడా, లేక వేటను మరో మూడు రోజులు సాగదీస్తాడా? సాగదీస్తే ఆదా అంతా డీజిల్‌కు పోవచ్చు. దీన్ని సగం గది చూపదు. గీత దాటాకే నాలుగైదు బోట్లను పూర్తిగా మార్చాలి, వాటిని చీటీ తీసి ఎంచాలి. అలా చేస్తే ముందుకొచ్చిన ఒక్క బోటుతో పోల్చినప్పుడు వచ్చే ఇబ్బంది ఇక్కడ చాలావరకు తగ్గుతుంది.

ఫోమ్ మన్నిక సగం గదిలోనైనా, పూర్తిగా మార్చిన బోట్లలోనైనా ఒక సీజన్‌లో తేలదు. ఫైబర్ పూత పగిలితే నీరు ఫోమ్‌లోకి ఇంకి, పైకి బాగానే కనిపిస్తూ చలువ నిలిపే గుణం పోతుంది. అందుకే మరుసటి నిషేధ కాలంలో బోటు ఒడ్డున ఉన్నప్పుడు, మొదటి బోటులో అడుగున ఒక చోట చిన్న ముక్క కోసి తూకం వేయించి, పొర వేసిన రోజు పక్కన పెట్టిన పొడి ముక్క బరువుతో పోల్చాలి. మిగిలిన ముప్పై నాలుగైదు బోట్ల డబ్బు అప్పటిదాకా ఆపడమే మంచిది.